పెన్సిలుతో రాసిన ధర

బెజవాడ లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలమ్మే ఒక పెద్దాయన పక్కన నేను ఎన్నో ఆదివారాలు కూర్చున్నాను. ఆయన చేతుల్లో పుస్తకం తిరగడం చూడటం నాకు కచేరీ విన్నంత ఇష్టం. పాత పుస్తకాల కొట్టు పెట్టాలనుకునే కుర్రాళ్లు ముందు అద్దె గది వెతుకుతారు, బోర్డు రాయిస్తారు. ఆయన దగ్గరికొచ్చిన అబ్బాయి కూడా అలాగే మొదలెట్టాడు. చేతిలో యాభై వేలుంది.

"గదికి, అరలకి ఇరవై వేలు దాటనివ్వకు. పదిహేను వేలకి సరుకు కొను. మిగతా పదిహేను ముట్టుకోకు" అన్నాడు పెద్దాయన.

"ఊరికే ఉంచెయ్యాలా బాబాయ్?"

"ఎవరో పోతారు, ఇల్లు అమ్మేస్తారు. సాయంత్రానికల్లా అల్మారా ఖాళీ చెయ్యమంటారు. ఆ పూట చేతిలో డబ్బున్నవాడిదే సరుకు. నువ్వు రేపొస్తానంటే పేపర్లవాడు ఈరోజే కాటాకేసేస్తాడు."

ఈ వ్యాపారానికి మూలం ఆ మాటలోనే ఉందని నా నమ్మకం. కోఠీ కొట్లయినా, షాపులు మూసుండే ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ అయినా, ఏలూరు రోడ్డయినా మంచి సరుకు వచ్చేది ఇళ్లనుంచే. తర్వాతిది పాత పేపర్ల కొట్టు. అక్కడివాళ్లతో స్నేహం చేసి, కాటాకెక్కక ముందే వారానికోసారి బస్తాలు విప్పించుకోవాలి. మూతబడ్డ అద్దె పుస్తకాల షాపుల సరుకు కూడా దొరుకుతుంది. వాటికి కుట్లు గట్టిగా ఉంటాయి కాని పేజీలు తరచూ చిరిగిపోయి ఉంటాయి. గ్రంథాలయం ముద్రున్న పుస్తకాన్ని మాత్రం, తీసివేసినట్టు కాగితం చూపిస్తే తప్ప పెద్దాయన ముట్టుకోడు.

నెల తిరక్కుండానే ఆ అబ్బాయికి ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటినుంచి పిలుపొచ్చింది. నేనూ వెంట వెళ్లాను. నూట అరవై పుస్తకాలు. పెద్దాయన ఒక్కొక్కటే తీసి ముందు వాసన చూశాడు. చెమ్మ పట్టిన పుస్తకం ముక్కుకే తెలిసిపోతుంది. అలాంటివి నాలుగు తీసి గుమ్మం బయట పెట్టించాడు, పక్కవాటికి బూజు అంటకుండా. తర్వాత వెన్ను చూశాడు. దారంతో కుట్టిందా, గమ్ముతో అతికించిందా? గమ్ము ఎండిన పుస్తకం నడుమ తెరిస్తే పటుక్కుమని విరిగి పేజీలు చేతికొస్తాయి. కాబట్టి దాన్ని అరచేతిలో ఉంచి కొద్దిగానే తెరవాలి. పిన్నులు కొట్టినవైతే తుప్పు కాగితాన్ని ఎంత తినేసిందో చూడాలి. ఆపైన చివరి పేజీ మూలను బొటనవేలితో మెల్లిగా వంచుతాడు. మళ్లీ లేచి నిలబడితే కాగితానికి ప్రాణముంది. పెళుసుగా అనిపించిందా, అంతటితో వదిలేస్తాడు. నాసిరకం కాగితం తనలోని ఆమ్లంతో తానే కాలిపోతుంది, ఎంత భద్రంగా దాచినా.

అసలు విద్య ఫారాలు లెక్కపెట్టడం. మన నవలలు ఎక్కువగా పదహారు పేజీల ఫారాలతో కూడతాయి. ఫారం మొదలయ్యే పేజీ అడుగున చిన్న అంకె వేసుంటే పెద్దాయన వాటినే చూసుకుంటూ పోతాడు. నూటతొంభై పేజీల నవలను నేను చూస్తుండగానే, అర నిమిషంలో, "ఏడో ఫారం లేదు" అని పక్కన పెట్టాడు. నేను విప్పి చూశాను. తొంభై ఆరు తర్వాత నూట పదమూడు. అట్ట బాపు గీసినది, చెక్కు చెదరలేదు. అట్ట చూసి కొనేవాడు అక్కడే మునిగిపోతాడు.

అదే రాశిలో మొదటి పేజీలు ఊడిపోయిన నవల ఒకటుంది. సంవత్సరం లేదు. వెనకట్ట మీద ధర మాత్రం ఉంది, ఒక రూపాయి యాభై న.పై. అని. పెద్దాయన దాన్ని వేలితో తట్టి, "యాభై ఏడుకీ అరవై నాలుక్కీ మధ్య" అన్నాడు. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, 1964 జూన్‌లో 'నయా' పోయి పైసలే మిగిలాయి. అంతకుముందువైతే ధర అణాల్లో ఉంటుంది. ఇంత చదువు ఏ కాలేజీలో చెబుతారు!

సరుకంతా నాలుగు కుప్పలయింది. ఆయన మాటల్లో కొత్తదానిలా ఉన్నది, బాగున్నది, చదువుకోవచ్చునన్నది, తూకానిది. నలభై పుస్తకాలు తూకానికి పోయాయి. మొత్తానికి నాలుగు వేల ఎనిమిది వందలు ఇచ్చారు, ఆటోకి ఆరు వందలు. అబ్బాయి అయిదు వేల నాలుగు వందల్ని నూట అరవైతో భాగించబోతే పెద్దాయన ఆపాడు. అమ్ముడయ్యేవి నూట ఇరవయ్యే. అంటే ఒక్కోటి నలభై అయిదు పడింది. అరుదైనవి ఎనిమిది తీసి లోపల పెట్టించి, వాటిని లెక్కలోకే రానివ్వలేదు. మిగిలిన నూట పన్నెండులో చదువుకోవచ్చునన్న ఎనభై నాలుగు ఒక్కోటి అరవైకి, మేలైన ఇరవై ఎనిమిది నూట యాభైకి. మొదటి రకంలో సగం, రెండో రకంలో ఇరవై పోతే అయిదు వేల అయిదు వందల ఇరవై వస్తుంది. పెట్టుబడి రెండు నెలల్లో తిరిగి చేతికొచ్చిందన్నమాట. అప్పుడు ఆ ఎనిమిదింటిని తొందరపడి తెగనమ్మాల్సిన పని లేదు, వాటిని వెతుక్కుంటూ వచ్చేవాడి కోసం ఏడాదైనా ఆగవచ్చు. అరుదైన పుస్తకం మీద ఆశపెట్టి మొత్తం రాశికి ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు మునిగేది ఇక్కడే.

ధర ఎప్పుడూ లోపలి పేజీ పైమూల పెన్సిలుతోనే. పెన్ను పెట్టినా, స్టిక్కరు అంటించినా పుస్తకం ఒక మెట్టు దిగుతుంది. దాని పక్కనే కొన్న ధర అక్షరాల్లో ఉంటుంది. పది వేర్వేరు అక్షరాల మాట ఒకటి మనసులో పెట్టుకుని ఒక్కో అంకెకి ఒక్కో అక్షరం రాస్తాడు. బేరమాడేవాడికి అది అర్థం కాదు, తనకి మాత్రం ఎంతవరకు దిగవచ్చో కనబడుతుంది. పోటీ పరీక్షల పుస్తకాలకి మాత్రం ఏడాది ఆగే ఓపిక పనికిరాదు. నిరుటి కరెంట్ అఫైర్స్ ఈ ఏడు తూకం సరుకే, సిలబస్ మారితే గైడ్లూ అంతే. అప్పటికప్పుడు అమ్మగలిగినన్నే కొనాలి.

ఇంత నేర్పు ఉన్న చోట ఇప్పుడు జరుగుతున్న పాపం చూస్తే కడుపు రగిలిపోతుంది. పచ్చబడ్డ అంచుల్ని కటింగ్ మిషన్లో కోసి తెల్లగా చేసి 'నీటు కాపీ' అంటున్నారు. కోసిన పుస్తకానికి అంచులుండవు, ఒక్కోసారి పై వరస అక్షరాలూ తెగుతాయి. చిరిగిన చోటల్లా టేపు అంటిస్తారు. నాలుగేళ్లకి ఆ జిగురు గోధుమరంగు మరకై అక్షరం మీద కూర్చుంటుంది. జెరాక్స్ తీసి, పాత రంగు అట్ట వేసి, ప్రథమ ముద్రణ అని అమ్మేవాళ్ల సంగతి ఏమని చెప్పను! 1955 నాటిదని ఒకచోట పన్నెండు వందలు పోసి నేనే కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే ప్రచురణకర్త చిరునామా చివర ఆరంకెల పిన్ కోడ్. ఆ పిన్ కోడ్ మన దేశానికి వచ్చిందే 1972లో. వేలితో తడిమినా తెలియాల్సింది నాకు. సీసపు అక్షరాలతో అచ్చయిన పేజీ వెనక వైపు తరచూ సన్నగా గరుకు తగులుతుంది, జెరాక్స్ నున్నగా ఉంటుంది. మోసపోయిన డబ్బు కన్నా, పుస్తకం ప్రేమించేవాడి నమ్మకం మీద ఇలా దెబ్బకొడతారా అన్నదే నా బాధ. కొత్తగా కొట్టు పెట్టే అబ్బాయిలూ, మీకు దణ్ణం పెడతాను, ఆ కటింగ్ మిషన్ గుమ్మం దాటనివ్వకండి.

ఏడో ఫారం లేని ఆ నవలని పెద్దాయన తూకం కుప్పలోంచి వెనక్కి తీశాడు. అట్ట కోసమైనా ఎవరో ఒకరు కొంటారన్నాడు. అబ్బాయి ధర వెయ్యబోతుంటే పెన్సిలు అందుకుని, "97 నుంచి 112 వరకు పేజీలు లేవు" అని ముందు అది రాశాడు. దాని కింద ఇరవై అని వేశాడు.