ఒకే కల్చర్, రెండు మినీప్రెప్‌లు

బర్న్‌బోయిమ్, డోలీ 1979లో ప్రచురించిన ఆల్కలైన్ లైసిస్ ఇవాళ ల్యాబుల్లో రెండు రూపాల్లో నడుస్తోంది. మూడు సొల్యూషన్లు సొంతంగా కలుపుకుని, చివర ఇథనాల్‌తో డీఎన్ఏను దించేది ఒకటి. సిలికా కాలమ్ ఉన్న కిట్ మరొకటి. కిట్‌ది శుభ్రమైన డీఎన్ఏ, చేత్తో తీసింది మురికిది అని చాలామంది తేల్చేస్తారు. అయితే మూడో సొల్యూషన్ దాకా రెండిటి దారీ దాదాపు ఒకటే. అక్కడ జరిగిన తప్పును కాలమ్ దిద్దలేదు.

మొదటి సొల్యూషన్‌లో ట్రిస్, ఈడీటీఏ ఉంటాయి. ఈడీటీఏ మెగ్నీషియంను పట్టేసి బ్యాక్టీరియా పైపొరను బలహీనపరుస్తుంది, డీఎన్ఏను కోసే ఎంజైములను ఆపుతుంది. పాత పద్ధతిలో గ్లూకోజ్ కూడా వేస్తారు; కిట్లలో సాధారణంగా దాని బదులు ఆర్ఎన్ఏస్ ఉంటుంది. ఈ దశలో కణాల ముద్ద ఉండలు లేకుండా పూర్తిగా కలవాలి. ఉండ మిగిలితే దాని లోపలి కణాలు పగలవు, దిగుబడి అక్కడే పోతుంది.

రెండో సొల్యూషన్ 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్, 1 శాతం ఎస్‌డీఎస్. ఎస్‌డీఎస్ కణాలను పగలగొడుతుంది, క్షారం డీఎన్ఏ పోగులను విడదీస్తుంది. ప్లాస్మిడ్ పోగులు రెండూ వలయాలుగా ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి కాబట్టి విడిపోయినా దూరం పోవు. ఇక్కడ రెండు ప్రమాదాలు. వర్టెక్స్ చేస్తే క్రోమోజోమ్ ముక్కలై ప్లాస్మిడ్ వెంట వచ్చేస్తుంది. 5 నిమిషాలు దాటనిస్తే ప్లాస్మిడ్ కొంత మళ్లీ సరిగా జతకూడలేని స్థితికి చేరుతుంది; జెల్‌లో అది సూపర్‌కాయిల్డ్ బ్యాండ్ కంటే ముందు పరుగెత్తుతుంది, రెస్ట్రిక్షన్ ఎంజైమ్ వేసినా తెగదు.

మూడోది ఆమ్లగుణం ఉన్న పొటాషియం ఎసిటేట్. క్షారం తగ్గగానే ప్లాస్మిడ్ పోగులు తిరిగి జతకూడతాయి. భారీ క్రోమోజోమ్ మాత్రం చిక్కుపడి, ప్రొటీన్లతోపాటు పొటాషియం డోడెసిల్ సల్ఫేట్‌లో ఇరుక్కుంటుంది. ట్యూబులో విరిగిన పాలలా తేలే తెల్లటి ముద్ద అదే.

ఇక్కడి నుంచే దారులు వేరు. డీహెచ్5ఆల్ఫాలో పీయూసీ19 ఉన్న రాత్రంతా పెంచిన కల్చర్‌ను చెరి 1.5 మిల్లీలీటర్లు పంచామనుకుందాం. ఇథనాల్ ట్యూబు నానోడ్రాప్‌లో మైక్రోలీటర్‌కు 1,200 నానోగ్రాములు చూపింది. 50 మైక్రోలీటర్లలో అది 60 మైక్రోగ్రాములు. కాలమ్ ట్యూబు అంతే పరిమాణంలో 120 చూపింది, అంటే 6 మైక్రోగ్రాములు. అంత కల్చర్‌కు నమ్మదగింది రెండో అంకే. మొదటిదాంట్లో ఎక్కువ భాగం ఆర్ఎన్ఏ. 260/280 నిష్పత్తి 2 దాటడం, జెల్ అడుగున మబ్బులాంటి మరక దీన్ని పట్టిస్తాయి.

చివర ఆర్ఎన్ఏస్ వేసినా చిక్కు పూర్తిగా తీరదు. జెల్ మీది మబ్బు పోతుంది గానీ, తెగిన ఆర్ఎన్ఏ తునకలు ట్యూబులోనే ఉండి 260 దగ్గర కాంతిని పీలుస్తూనే ఉంటాయి. కాలమ్‌లో అయితే ఆర్ఎన్ఏస్ మొదట్లోనే పనిచేస్తుంది, తునకలు కడుగులో పోతాయి. కిట్ నిజమైన ఆధిక్యం ఇక్కడ ఉంది.

కాలమ్‌కూ దాని మురికి దానికుంది. డీఎన్ఏ సిలికాకు అంటుకోవడానికి వాడే గ్వానిడిన్ లవణం మిగిలితే 260/230 నిష్పత్తి బాగా పడిపోతుంది. ఇథనాల్ మిగిలితే శాంపిల్ జెల్ గుంటలో దిగకుండా పైకి తేలిపోతుంది; కడిగాక ఖాళీగా మరో నిమిషం తిప్పితే అది పోతుంది. కొత్త కిట్ వాష్ బఫర్‌లో ఇథనాల్ కలపడం మరిచిపోతే డీఎన్ఏ కడుగుతోనే కొట్టుకుపోతుంది, దిగుబడి దాదాపు సున్నా.

కాబట్టి దిగుబడి తగ్గినప్పుడు ఒకే కల్చర్‌ను రెండు దారుల్లోనూ నడిపి, జెల్ మీద పక్కపక్కన వేసి చూడాలి. రెండింటిలోనూ ప్లాస్మిడ్ బ్యాండ్ పలచగా ఉంటే తప్పు కల్చర్‌లోనో, మొదటి మూడు సొల్యూషన్లలోనో ఉంది. లేదా ప్లాస్మిడే పీబీఆర్322లా కణానికి 15 నుంచి 20 కాపీలే ఉండే రకం. కాలమ్‌లో మాత్రమే తగ్గితే అంటుకోవడం, కడుగు, ఎల్యూషన్ చూడాలి. ఇథనాల్ ట్యూబులో మాత్రమే తగ్గితే అడుగున అంటిన పల్చటి పెల్లెట్ ఇథనాల్ వంపేటప్పుడు జారిపోయి ఉండవచ్చు. క్లోన్‌ను ఎంజైమ్‌తో కోసి చూసుకోవడానికి ఇథనాల్ పద్ధతి చాలు, ఖర్చూ తక్కువ. సీక్వెన్సింగ్‌కు పంపాలంటే కాలమే మేలు, ఎందుకంటే అక్కడ ఎంత డీఎన్ఏ పంపుతున్నామన్న అంకె నిజం కావాలి.