పిల్లికూతలు ఆగిపోయిన పేషెంట్

యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేట వైపు వెళ్లే సందుల్లో ఉన్న లేడీస్ హాస్టళ్లలో సాఫ్ట్‌వేర్ కోర్సులకు వచ్చినవాళ్లే కాదు, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయిలూ ఉంటారు. తెలంగాణ ప్రభుత్వం 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పటి నుంచి ఈ చదువు ఇంకా ముమ్మరమైంది. కొందరి గురి ఢిల్లీ ఎయిమ్స్ 2020 నుంచి నిర్వహిస్తున్న నార్సెట్ మీద, మరికొందరి గురి అమెరికా వెళ్లేందుకు రాయాల్సిన ఎన్‌క్లెక్స్ మీద ఉంటుంది. పరీక్ష ఏదైనా అందరినీ ఒకేలా తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది: ఈ పరిస్థితిలో నర్సు మొదట ఏం చేయాలి?

జవాబుకు దారి అందరికీ కంఠస్థమే. ముందు ఎయిర్‌వే, తర్వాత బ్రీతింగ్, ఆ తర్వాత సర్క్యులేషన్. గాలి వెళ్లే దారి మూసుకుపోతే మనిషి నిమిషాల్లో పోతాడు కాబట్టి ఆ వరస. చిక్కంతా ఏమిటంటే ప్రశ్న తయారుచేసేవాళ్లకూ ఆ వరస తెలుసు. ఊపిరి మాట కనబడగానే మన చెయ్యి అటు పోతుందని తెలిసే ఆప్షన్లు పేరుస్తారు.

ఈ ప్రశ్న చూడండి. సాయంత్రం డ్యూటీలో మీకు నలుగురు పేషెంట్లను అప్పగించారు. ఒకరు సీఓపీడీ ఉన్న 68 ఏళ్ల పెద్దాయన. రెండు లీటర్ల ఆక్సిజన్ మీద శాచురేషన్ 90 శాతం, ముందుకు వంగి కూర్చుని దగ్గుతున్నారు. రెండో మనిషి 24 ఏళ్ల ఆస్తమా అమ్మాయి. గంట క్రితం పిల్లికూతలు గట్టిగా వినిపించాయి, నిమిషానికి 32 సార్లు ఊపిరి తీసుకుంది. ఇప్పుడు కూతలు లేవు, ఊపిరి 14కు తగ్గింది, మగతగా ఉంది, శాచురేషన్ 91. మూడో ఆమెకు నిన్న గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది, నొప్పి పదికి ఎనిమిది అంటోంది. నాలుగో ఆయనకు షుగర్ 280, ఇన్సులిన్ ఇచ్చే వేళయింది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

చాలామంది పెద్దాయన దగ్గరికి వెళ్తారు. ఆయాసం ఉంది, అంకె అందరికంటే తక్కువగా ఉంది. ఆస్తమా అమ్మాయికి కూతలు తగ్గాయి, ఊపిరి నెమ్మదించింది, నిద్రపోతోంది కాబట్టి మందు పనిచేసిందనుకుంటారు. జవాబు మాత్రం ఆ అమ్మాయే.

పిల్లికూత పుట్టాలంటే సన్నబడిన గొట్టాల్లో ఎంతో కొంత గాలి కదలాలి. ఆస్తమా తగ్గుతూ కూత ఆగితే మనిషి తేరుకుంటుంది, పూర్తి వాక్యాలు మాట్లాడుతుంది, స్టెత్ పెడితే ఊపిరి శబ్దం రెండు వైపులా స్పష్టంగా వినిపిస్తుంది. గాలి కదలడమే మానేసినా కూత ఆగుతుంది. అప్పుడు స్టెత్‌లో దాదాపు ఏమీ వినబడదు. గంట సేపు శక్తినంతా పెట్టి ఊపిరి లాగిన కండరాలు అలసిపోయాయి కాబట్టే 32 కాస్తా 14 అయింది. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో నిలిచిపోతుంటే వచ్చేదే ఆ మగత. బ్లడ్ గ్యాస్ రిపోర్టు కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఆస్తమా మొదట్లో వేగంగా ఊపిరి తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ మామూలు కంటే తగ్గాలి. అలసిన పేషెంటుకు అది 40 దగ్గర, అంటే నార్మల్ అని వచ్చిందంటే పరిస్థితి చేజారుతోందని అర్థం.

పెద్దాయన విషయం వేరు. సీఓపీడీలో శాచురేషన్‌ను సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచాలని చూస్తారు కాబట్టి 90 ఆయనకు సరిపోయే అంకె. ముందుకు వంగి కూర్చోవడం ఊపిరి సులువు కావడానికి ఆయన అలవాటు చేసుకున్న పద్ధతి. ఆయనకు ఉన్నది బ్రీతింగ్ జబ్బే. కానీ ఈ గంటలో కొత్తగా మారిందేమీ లేదు. నా దృష్టిలో ఈ ప్రశ్నల ప్రాణమంతా ఇక్కడే ఉంది. ఏబీసీ అవయవాల పట్టిక కాదు, ఇప్పుడు ముంచుకొస్తున్న ముప్పుల వరస. అందుకే ప్రశ్న చదివేటప్పుడు జబ్బు పేరు కంటే ముందు “గంట క్రితం”, “ఇప్పుడు”, “కొత్తగా” లాంటి మాటల కింద గీత గీయమంటాను.

అమ్మాయి దగ్గరికి వెళ్లాక చేసే పని మీద మరో ప్రశ్న రావచ్చు. బ్లడ్ గ్యాస్ తీయడం, పల్స్ చూసి రాసుకోవడం, కూర్చోబెట్టి ఆక్సిజన్ పెడుతూ సాయానికి కేకవేయడం అనే ఆప్షన్లు ఉంటే మూడోదే సరైనది. నర్సింగ్ ప్రాసెస్‌లో అసెస్‌మెంట్ ముందు కదా అని ఇక్కడ తడబడతారు. అసెస్‌మెంట్ ప్రశ్నలోనే అయిపోయింది. కూత లేదు, మగత ఉంది, ఊపిరి పడిపోయింది. ఇంతకంటే తెలుసుకోవలసింది లేదు కాబట్టి ఇక చెయ్యాలి. అదే, మానిటర్‌లో శాచురేషన్ ఒక్కసారిగా 82 చూపించినా పేషెంటు ఇంటివాళ్లతో తీరిగ్గా కబుర్లు చెబుతున్నాడనుకోండి. మాటకు, అంకెకు పొత్తు కుదరడం లేదు. అప్పుడు మనిషిని చూసి, చెయ్యి చల్లబడిందా, గోళ్లరంగు ఉందా, ప్రోబ్ జారిందా అని చూడటమే మొదటి పని.

ఇంకో రకం ప్రశ్నలో అక్షరాల వరసే పక్కకు జరగాలి. రక్తం ఎక్కించడం మొదలుపెట్టిన పదిహేను నిమిషాలకు పేషెంటుకు చలి, వణుకు, నడుం నొప్పి, ఆయాసం వచ్చాయి. ఆప్షన్లలో ఆక్సిజన్ ఉంటుంది, అది బ్రీతింగ్ కాబట్టి చెయ్యి దాని మీదికే పోతుంది. కానీ ఆక్సిజన్ పెట్టేంత సేపూ పడని రక్తం చుక్క చుక్కగా లోపలికి పోతూనే ఉంటుంది. గ్రూపు కలవని రక్తమైతే ఎంత ఎక్కువ పోతే అంత ప్రమాదం. క్లాంప్ మూయడానికి ఒక్క క్షణం చాలు, కాబట్టి మొదట రక్తం ఆపాలి. తర్వాత పాత సెట్ తీసేసి కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి సూదిదారి నిలుపుకోవాలి. పాత సెట్‌లోకే సెలైన్ వదిలితే ట్యూబులో మిగిలిన రక్తాన్ని మనమే లోపలికి తోసినట్టవుతుంది. ఈ తేడా మీదే విడిగా ప్రశ్న ఇస్తుంటారు. ఆ పైన ఆక్సిజన్, డాక్టరుకు కబురు, పేషెంటు పేరు, బ్యాగు నంబరు మళ్లీ సరిచూడటం, బ్యాగును బ్లడ్ బ్యాంకుకు పంపడం.

పాత గైడ్లు పట్టుకున్నవాళ్లు నష్టపోయేది గుండె ఆగిన పేషెంటు ప్రశ్నలో. 1950ల చివర్లో పీటర్ సఫర్ లాంటి వైద్యులు తల వెనక్కి వంచితే నాలుక అడ్డు తొలగి గాలిదారి తెరుచుకుంటుందని, నోటితో ఊదిన గాలి సరిపోతుందని చూపించాక ఏబీసీ వరస స్థిరపడింది. యాభై ఏళ్ల తర్వాత, 2010లో, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె ఆగినవాళ్ల విషయంలో దాన్ని సీఏబీగా మార్చింది. పెద్దవాళ్లలో గుండె హఠాత్తుగా ఆగినప్పుడు రక్తంలో ఇంకా కొన్ని నిమిషాలకు సరిపడే ఆక్సిజన్ ఉంటుంది, లేనిది దాన్ని మెదడుకు చేర్చే ఒత్తిడి. తల సర్ది, మాస్కు వెతికేలోపు ఆ నిమిషాలు పోతున్నాయి. కాబట్టి స్పృహ లేదు, ఊపిరి లేదు, పల్స్ అందడం లేదు అని ప్రశ్నలో ఉంటే, సాయానికి పిలిచి, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, కనీసం రెండు అంగుళాల లోతుకు ఛాతీ నొక్కడమే మొదటి పని. 30 నొక్కుల తర్వాత రెండు ఊపిరులు. పల్స్ ఉండి ఊపిరి మాత్రమే లేకపోతే మళ్లీ గాలిదారే ముందు. నీళ్లలో మునిగిన మనిషికి ఆక్సిజన్ అందకే గుండె ఆగింది కాబట్టి అక్కడ ఊపిరి ఇవ్వడాన్ని వెనక్కి నెట్టకూడదు.

“డాక్టరుకు తెలియజేయాలి” అన్న ఆప్షన్‌ను కళ్లు మూసుకుని కొట్టేయమని కొందరు చెబుతారు. అది సగమే నిజం. పడక దగ్గర నర్సు చేతుల్లో ఇంకా పని మిగిలి ఉంటే ఆ ఆప్షన్ తప్పు. ఆస్తమా అమ్మాయిని కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, రాసి ఉన్న నెబ్యులైజేషన్ మొదలుపెట్టినా ఇంకా మగతలోకి జారుతోందని ప్రశ్నలోనే ఉంటే, ఆమెకు ఇప్పుడు కావలసింది ట్యూబ్ వేయగల డాక్టరు. అప్పుడు అదే ఆప్షన్ మొదటి పని అవుతుంది.