గీత పొడవు వేరు, పైపు పొడవు వేరు

ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు డ్రాయింగులు ఇచ్చేవాడిగా ఒక మాట చెప్పాలి. వెల్డర్ మన మోడల్ చూడడు, కట్ లిస్టే చూస్తాడు. అందులో 1160 అని ఉంటే 1160కే కోస్తాడు.

ఒక పనిబల్ల తీసుకుందాం. బయటి కొలతలు 1200 పొడవు, 600 వెడల్పు, 750 ఎత్తు, అన్నీ మిల్లీమీటర్లే. పైపు 40×40 చదరం. సాలిడ్‌వర్క్స్‌లో ముందు గీతలే గీసి, Structural Member తో వాటికి పైపు తొడుగుతాం. మామూలుగా గీత పైపు నడిమధ్యలో ఉంటుంది. కనుక 1200 అని గీస్తే బల్ల 1240 అయి కూర్చుంటుంది. గీయాల్సింది 1160, 560.

పై చట్రం మూలలకు End Miter ఇస్తాను, చివరలు 45 డిగ్రీలకు తెగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందం సరే, పైపు నోరు కూడా మూసుకుపోతుంది. కానీ కోతలో ఓపిక కావాలి. ఒక్కో ముక్క అర డిగ్రీ తప్పితే మూల ఒక డిగ్రీ తప్పుతుంది. 600 దూరం పోయేసరికి అది పది మిల్లీమీటర్ల వంకర.

అసలు చిక్కు కింది అడ్డపట్టీలతో. కాళ్ల మధ్యరేఖ నుంచి మధ్యరేఖకు గీత 1160 ఉంటుంది. వాటిని విడిగా చేర్చి Trim/Extend మర్చిపోతే రెండు చివరలూ కాళ్లలోకి ఇరవయ్యేసి మిల్లీమీటర్లు దూరిపోతాయి. తెర మీద బల్ల భేషుగ్గానే కనిపిస్తుంది! వైర్‌ఫ్రేమ్‌లో పెట్టి చూడండి, కాలి లోపల పట్టీ గీతలు బయటపడతాయి. అందుకే వరస పాటించాలి: ముందు కాళ్లను పై చట్రం అడుగుకు కత్తిరించాలి, తర్వాత పట్టీలను కాళ్ల ముఖానికి. అప్పుడు కాలు 710, పొడుగు పట్టీ 1120, పొట్టిది 520 అవుతాయి.

ఇప్పుడు లిస్టు నమ్మొచ్చు. 1200వి రెండు, 600వి రెండు, కాళ్లు నాలుగు, పట్టీలు రెండేసి, మొత్తం 9720. ఆరు మీటర్ల పైపులు రెండు చాలు. చట్రం ముక్కలన్నీ, రెండు కాళ్లు, ఒక పొట్టి పట్టీ మొదటి పైపులో 5540కి సరిపోతాయి. ప్రతి కోతకూ డిస్కు తినే రెండు మూడు మిల్లీమీటర్లు పోయినా చోటు మిగులుతుంది.

ఒక్క లోటుంది. లిస్టులో 45, 45 అని మాత్రమే ఉంటే రెండు కోతలూ ఎదురెదురుగా వాలాయా, ఒకే వైపుకా తెలియదు. మన చట్రానికి ఎదురెదురుగానే వాలాలి, పొడవు బయటి కొస నుంచి కొసకు కొలవాలి. ఆ గడి పక్కన చేత్తోనైనా సరే ముక్క బొమ్మ ఒకటి గీసి పంపండి.