గుడిగంట ఎవరి కోసం?

పిల్లలూ, గుడిలో గంట ఎక్కడ కడతారో ఎప్పుడైనా గమనించారా? చాలా గుళ్లలో అది వీధి గుమ్మానికి ఉండదు. గర్భగుడికి ఎదురుగా ఉన్న మండపంలో, శివాలయమైతే నంది దగ్గర, గొలుసుకు వేలాడుతుంది. చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చి, ఇక దేవుడి ఎదుట నిలబడబోయే చోటన్నమాట. పూజ మొదలుపెడుతూ పూజారిగారు చేతిగంట మోగించి ఒక శ్లోకం చదువుతారు. దేవతలు రావాలి, రాక్షసులు పోవాలి, ఈ గంట ఆ పిలుపుకు గుర్తు అని దాని భావం. మరి దేవుడు అంతటా ఉంటాడంటారు కదా, ఆయన్ను గంట కొట్టి పిలవాలా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. తిరుమలలో స్వామికి నైవేద్యం పెట్టే వేళ తిరుమామణి మండపంలోని పెద్ద గంటలు మోగుతాయి. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లకు కనబడదు, గంట విని తెలుసుకుంటారు. అంటే గంట దేవుడికి పిలుపే అయినా, కబురు అందేది మనుషులకు కూడా. మనం లోపలికి వెళ్తూ కొట్టే గంటా అంతే: ‘వచ్చాను స్వామీ’ అని ఆయనకు చెబుతూనే, ‘ఇక కబుర్లు ఆపు’ అని మనకు మనం చెప్పుకుంటాం. శ్లోకంలోని రాక్షసులు ఆ కబుర్లూ, మనసులోని గొడవలేనని నా ఉద్దేశం.

ఈ పనికి గంటే ఎందుకు, చప్పట్లు చాలవా? చప్పట్ల మోత చరిచిన వెంటనే పోతుంది, గంట మోత నిలుస్తుంది. మంచి గంటను కంచుతో పోస్తారు. సుమారు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం. లోపల వేలాడే నాలుక తగలగానే గంట అంచు కంటికి కనబడనంత సన్నగా లోపలికీ బయటికీ వంగుతూ అదురుతుంది. ముందు వినిపించే ‘ఠంగ్’ అనే పదునైన శబ్దం త్వరగా పోయి, లోతైన ‘ఓం...’ లాంటి మోత చివరిదాకా మిగులుతుంది. గంట ఎక్కడైనా చిట్లితే ఆ అదురు అక్కడే చెదిరిపోయి మోత బొంగురుగా ముగుస్తుంది. అందుకే కొనేవాళ్లు వేలితో తట్టి ఊరుకోకుండా గంట మోగించి, మోత పూర్తిగా ఆగేదాకా వింటారు. మీరూ ఒక్కసారే కొట్టి, ఆ మోత సన్నబడి ఆగేదాకా వినండి. అంతసేపూ వేరే ఆలోచన దూరడం కష్టం. గంట కొట్టడంలోని కిటుకు అదే. గణగణా వాయించేస్తే మోత మీద మోత పడి, వినడానికి ఏమీ మిగలదు, పక్కన జపం చేసుకునేవారికి చిరాకు కూడా.

గంట మోత క్రిములను చంపుతుందనీ, సరిగ్గా ఏడు సెకన్లు ఉంటుందనీ కొందరు చెబుతారు. మోత ఎంతసేపు నిలిచేదీ గంట పరిమాణాన్ని, పోతను, కొట్టిన దెబ్బను బట్టి మారుతుంది. ఇక క్రిముల మాట నమ్మడానికి ఆధారం లేదు. తిరిగి వెళ్లేటప్పుడు గంట కొట్టకూడదని చాలా ఇళ్లలో పెద్దలు చెబుతారు. వచ్చిన కబురు చెప్పడానికే గంట కాబట్టి, ఆ మాట సబబుగానే ఉంది.