ఒక్క నిష్పత్తి మీద నిలిచిన నిరూపణ

బుధుడు సూర్యుడి చుట్టూ 88 రోజుల్లో ఒకసారి తిరుగుతాడు. తన కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే చోటు దాటి 14 రోజులైంది. ఇప్పుడు ఎక్కడున్నాడు? కక్ష్య పూర్తి వృత్తమైతే ఇందులో లెక్కే లేదు. 88లో 14 ఎంత భాగమో, 360 డిగ్రీల్లో అంత భాగం తిరిగి ఉంటాడు. కాని కక్ష్య దీర్ఘవృత్తం, వేగం క్షణక్షణం మారుతుంది. సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు అన్న తన నియమం నుంచి కెప్లర్ ఈ ప్రశ్నను ఒక సమీకరణంగా మార్చాడు:

E = M + e sin E

M అంటే గడిచిన కాలాన్ని కోణంగా చెప్పిన సంఖ్య. 14 రోజులకు అది దాదాపు 1 రేడియన్. e కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే ఉత్కేంద్రత, బుధుడికి 0.2056. మనకు కావలసింది E. అది తెలిస్తే గ్రహం స్థానం తెలిసినట్టే. చిక్కంతా ఒక్కటే: E సమీకరణానికి రెండు వైపులా ఉంది, కుడివైపున సైన్ లోపల ఇరుక్కుని ఉంది. దాన్ని బయటికి లాగే బీజగణిత మార్గం లేదు. చాపమూ దాని సైనూ వేరు వేరు జాతులవి కాబట్టి దీన్ని నేరుగా సాధించడం సాధ్యం కాదని 1609 నాటి గ్రంథంలోనే కెప్లర్ అభిప్రాయపడ్డాడు.

నేరుగా కుదరకపోతే ఏం చేస్తాం? E విలువను ఊహించి కుడివైపున పెడతాం, వచ్చిన జవాబును మళ్లీ అక్కడే పెడతాం. 1తో మొదలుపెడితే వరసగా 1.173006, 1.189547, 1.190838, 1.190937, 1.190944 వస్తాయి. అంకెలు స్థిరపడుతున్నాయి. లెక్క చేసేవాడికి ఇది చాలు. గణితజ్ఞుడికి మాత్రం ఇక్కడే మూడు ప్రశ్నలు మొదలవుతాయి. ఇవి నిజంగా ఒకచోట ఆగుతాయా? ఆగిన చోటు సమీకరణానికి జవాబేనా? వేరే ఊహతో మొదలుపెట్టినవాడు వేరే జవాబు దగ్గర ఆగిపోడా?

ఈ మూడింటికీ కలిపి ఒకే జవాబు చెప్పేది సంకోచ ప్రమేయ సిద్ధాంతం. పోలండ్ గణితజ్ఞుడు స్తెఫాన్ బనాఖ్ దీన్ని 1920లో ల్వోవ్‌లో సమర్పించిన తన పరిశోధన వ్యాసంలో రాశాడు. 1922లో అది అచ్చయింది. వరసగా ప్రతిక్షేపిస్తూ పోయే పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. కెప్లర్ చేసిందీ అదే, 19వ శతాబ్ది చివర పికార్ అవకలన సమీకరణాల మీద నడిపిందీ అదే. ఆ పద్ధతి పని చేయడానికి అసలు ఏది అవసరమో వెతికి, మిగతాదంతా తీసి పక్కన పెట్టడం బనాఖ్ పని.

మిగిలింది చూడండి. కొన్ని వస్తువుల సమూహం, ఏ రెంటి మధ్యనైనా ఎంత దూరమో చెప్పే కొలత. దీన్నే మెట్రిక్ స్పేస్ అంటారు. వస్తువులు సంఖ్యలైనా ఫర్వాలేదు, ప్రమేయాలైనా ఫర్వాలేదు. ఒక బిందువును మరో బిందువుకు పంపే చర్య T ఉంది. T ఏ రెండు బిందువులను పంపినా, వాటి మధ్య దూరం మునుపటి దూరానికి k రెట్లను మించకూడదు. k అన్నది 1 కంటే తక్కువైన ఒక స్థిర సంఖ్య. అంతే. ఆ స్పేస్‌లో చిల్లులు లేకపోతే, T కదపని బిందువు ఒకటి ఉంటుంది, ఒకటే ఉంటుంది.

కెప్లర్ సమీకరణంలో T అంటే x ను M + e sin x కు పంపడం. రెండు ఊహలు x, y తీసుకుంటే M కొట్టుకుపోతుంది, మిగిలేది e(sin x − sin y). ఈ తేడాను 2 cos((x+y)/2) sin((x−y)/2) గా విడదీయవచ్చు. కొసైన్ ఎన్నడూ 1 దాటదు, చిన్న కోణమైనా పెద్ద కోణమైనా దాని సైన్ ఆ కోణాన్ని మించదు. కాబట్టి సైన్‌ల తేడా x, y ల తేడాను మించదు. అంటే k స్థానంలో ఉత్కేంద్రతే కూర్చుంది. దీర్ఘవృత్తానికి e ఎప్పుడూ 1 కంటే తక్కువే. కక్ష్య మూసుకున్న వక్రం కావడమూ, సిద్ధాంతం కోరే షరతూ ఇక్కడ ఒకే అసమానతగా కలవడం నన్ను ఎప్పుడూ ఆపి చూసేలా చేస్తుంది.

ఇక నిరూపణ. జవాబులు రెండు ఉన్నాయనుకోండి, p, q అని. T వాటిని కదపదు కాబట్టి వాటి మధ్య దూరం T తరవాత కూడా అంతే ఉండాలి. కాని T దూరాన్ని k రెట్లకో అంతకన్నా తక్కువకో కుదిస్తుంది. ఒక దూరం తనలో కొంత భాగాన్ని మించకుండా ఉండాలంటే అది సున్నా కావాలి. p, q ఒకటే. ఏకైకత కొన్ని వాక్యాల్లోనే అయిపోయింది.

ఉనికి అంత తేలిక కాదు, ఎందుకంటే ఇంకా చేతిలో లేని బిందువు గురించి మాట్లాడాలి. బనాఖ్ దాన్ని వెతకడు. మొదటి అడుగు పొడవు d అనుకుందాం. రెండో అడుగు k×d ని మించదు, మూడోది k²×d ని మించదు, అలా గుణశ్రేఢిలో తగ్గుతాయి. n అడుగులు వేశాక, ఇక మీద ఎన్ని అడుగులు వేసినా మొత్తం ప్రయాణం kⁿ×d/(1−k) దాటదు. దారి మొత్తానికి కొలత దొరికింది, గమ్యం మాత్రం ఇంకా చూడలేదు. అడుగులు ఒకదానికొకటి కావలసినంత దగ్గరవుతున్నాయి, కనుక చిల్లులు లేని స్పేస్‌లో అవి చేరే బిందువు ఉండి తీరుతుంది. T దూరాలను పెంచదు కాబట్టి ఆ బిందువును T కదపలేదని తేలడానికి ఒక పంక్తి చాలు.

చిల్లులు లేకపోవడం అన్న షరతు అలంకారం కాదు. 1కి 2కి మధ్య ఉన్న భిన్నాలను మాత్రమే తీసుకుని x ను x/2 + 1/x కు పంపండి. ప్రతి భిన్నమూ భిన్నంగానే తిరిగి వస్తుంది, ఆ మధ్యలోనే ఉంటుంది, దూరాలు కనీసం సగానికి పడిపోతాయి. అయినా స్థిర బిందువు లేదు. అడుగులన్నీ √2 వైపు నడుస్తాయి, ఆ సంఖ్య ఈ సమూహంలో లేదు.

ఈ నిరూపణలో నాకు అన్నిటికన్నా ప్రియమైనది kⁿ×d/(1−k) అన్న ఆ చిన్న పదం. ఉనికిని రుజువు చేసే నిరూపణలు చాలావరకు ఉందని చెప్పి ఊరుకుంటాయి. ఇది ఎంత దూరంలో ఉందో కూడా చెబుతుంది, అదీ జవాబు తెలియకముందే. బుధుడి లెక్కలో మొదటి అడుగు 0.173. ఐదు అడుగుల తరవాత తప్పు 0.00008 మించదని లెక్క మొదట్లోనే రాసి పెట్టుకోవచ్చు. ఐదో అడుగు వేశాక ఇంకా గట్టిగా చెప్పవచ్చు. ఆఖరి అడుగు పొడవును k/(1−k) తో గుణిస్తే చాలు. ఆ అడుగు 0.0000075, గుణకం దాదాపు 0.26. తప్పు 0.000002 లోపే. అసలు తప్పు 0.0000006 దగ్గర ఉంది.

సిద్ధాంతం ఇచ్చిన హామీ కంటే లెక్క వేగంగా నడిచిందని గమనించి ఉంటారు. అడుగులు 0.2056 రెట్ల చొప్పున తగ్గాల్సింది, చివర్లో దాదాపు 0.076 రెట్ల చొప్పున తగ్గాయి. కారణం e×cos E. జవాబు చుట్టుపక్కల సైన్ రేఖ వాలు 0.37 మాత్రమే. సిద్ధాంతం అత్యంత చెడ్డ చోటును చూసి మాట ఇస్తుంది. E విలువ 1.190945 రేడియన్లు, అంటే 68 డిగ్రీల పైచిలుకు. దాన్ని దూరం సూత్రంలో పెడితే బుధుడు సూర్యుడికి సుమారు 5.35 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. 14 రోజుల కిందట ఆ దూరం 4.6 కోట్లు.

e 1కి దగ్గరయ్యేకొద్దీ పని భారమవుతుంది. హేలీ తోకచుక్క ఉత్కేంద్రత 0.967. జవాబులో ఇంకో దశాంశ స్థానం రావాలంటే సిద్ధాంతం హామీ ప్రకారం 69 అడుగులు పట్టవచ్చు. శ్రీహరికోట నుంచి 2013లో బయల్దేరిన మంగళయాన్ కుజుడి చుట్టూ తిరిగిన కక్ష్య కూడా బాగా సాగినదే. దగ్గరి చివర ఉపరితలానికి 422 కిలోమీటర్లు, దూరపు చివర సుమారు 77,000 కిలోమీటర్లు. ఉత్కేంద్రత 0.91 వరకు వస్తుంది, దశాంశ స్థానానికి 25 అడుగులు. ఇలాంటి చోట్ల లెక్కకు సాధారణంగా న్యూటన్ పద్ధతి వాడతారు. అది చాలా వేగం, కాని మొదటి ఊహ సరిగా లేకపోతే ఒక్క గెంతులో గమ్యం దాటిపోతుంది. హేలీ తోకచుక్కకు M విలువ 0.05 తీసుకుని E కూడా 0.05 అనుకుని మొదలుపెడితే, న్యూటన్ మొదటి అడుగులోనే 1.46 దగ్గర దిగుతుంది. అసలు జవాబు 0.58. బనాఖ్ దారి 0.098, ఆపైన ఇంకాస్త అని మెల్లగా ఎక్కుతుంది, ఎక్కడా దాటిపోదు.

k స్థిరంగా 1 కంటే తక్కువ ఉండాలన్న మాటను కొందరు తేలిగ్గా తీసుకుని, దూరాలు తగ్గితే చాలు కదా అనుకుంటారు. చాలదు. సంఖ్యారేఖ మీద x ను √(1+x²) కు పంపితే ఏ రెండు బిందువుల దూరమైనా తగ్గుతుంది. అయినా స్థిర బిందువు లేదు, ఎందుకంటే ప్రతి సంఖ్యా తనకన్నా పెద్దదానికి వెళ్తుంది. కెప్లర్ సమీకరణంలోనే e ను 1 చేసి, M ను సున్నా చేసి చూడండి. 1తో మొదలుపెట్టి సైన్ మీద సైన్ తీసుకుంటూ పోవాలి. జవాబు సున్నా. 300 అడుగుల తరవాత కూడా మనం 0.1 దగ్గరే ఉంటాం, అడుగు పొడవు మాత్రం 0.00016కి పడిపోయి ఉంటుంది. మూడు దశాంశాలకు స్థిరపడింది కదా అని ఆపేస్తే మొదటి దశాంశమే తప్పు. ఇలా జరుగుతోందని పట్టుకోవడానికి వరస అడుగుల నిష్పత్తి చూడాలి. బుధుడి లెక్కలో అది 0.076 దగ్గర నిలిచింది, ఇక్కడ 0.99 దాటి 1 వైపు పాకుతూ ఉంటుంది. నిష్పత్తి 1ని చేరేకొద్దీ k/(1−k) కు అంతు ఉండదు, చిన్న అడుగు దగ్గరతనానికి సాక్ష్యం కాకుండా పోతుంది.

అయినా e విలువ 1 అయినప్పుడు కూడా సమీకరణానికి జవాబు ఒక్కటే. E − sin E ఎక్కడా తగ్గకుండా పెరుగుతూ పోతుంది కాబట్టి అది ఏ M నైనా ఒక్కసారే దాటుతుంది. ఆ సంగతి బనాఖ్ సిద్ధాంతం చెప్పలేదు, కాదనీ అనలేదు. e ను 1.5 చేసి M ను సున్నాగా ఉంచితే మాత్రం జవాబులు మూడవుతాయి: సున్నా ఒకటి, దానికి అటొకటి ఇటొకటి.