నెల ముందు చెబితే చాలదు

ఫ్లాట్ ఖాళీ చేస్తున్న సంగతి కలిసి ఉంటున్న మనిషికి ఎప్పుడు చెప్పాలంటే చాలామంది "నెల ముందు" అంటారు. ఓనర్‌కి అది సరిపోతుందేమో గానీ, మన వాటా అద్దె నెత్తిన పడే మనిషికి చాలదు. హైదరాబాద్‌లో కొండాపూర్, మాదాపూర్ వైపు షేరింగ్ కోసం వెతికేవాళ్లలో చాలామంది అప్పటికే ఏదో ఒక హాస్టల్లో ఉంటారు. వాళ్లు కూడా అక్కడ ముందుగా చెప్పుకోవాలి. మార్చి 31న వెళ్లేవాళ్లు మార్చి 1న నోరు విప్పితే, పదిహేనో తారీఖున ఇల్లు చూసి నచ్చిందన్న అమ్మాయి ఏప్రిల్ 1కి ఎలా వస్తుంది? ఫిబ్రవరి మొదట్లోనే చెబితే, ఆ నెల మనిషిని వెతకడానికి, మార్చి ఆ మనిషి తన హాస్టల్ లెక్క తేల్చుకోవడానికి ఉంటుంది.

అందుకే నాతో ఫ్లాట్‌లో ఉంటున్న అక్కకి నేను ఫిబ్రవరి 1న చెప్పాను. "అక్కా, మార్చి నెలాఖరుకి ఖాళీ చేద్దామనుకుంటున్నా. ఓనర్‌కి ఇంకా చెప్పలేదు. నా బదులు మనిషిని నేనే వెతుకుతా. దొరక్కపోతే ఏప్రిల్ అద్దెలో నా వాటా నేనే కడతా."

ఆ చివరి మాట తర్వాతే అక్క ముఖం తేలికపడింది. కాసేపాగి, "అయితే నీ గది నేను తీసుకోనా?" అంది. నా గదికి అటాచ్డ్ బాత్రూం ఉంది, అద్దె 13,000. తనది 11,000. అంటే ఇప్పుడు వెతకాల్సింది 11,000 గదికి మనిషిని! ఫొటోలు గ్రూపుల్లో పెట్టకముందే ఈ మాట తేలాలి. వచ్చే అమ్మాయితో ఉండాల్సింది అక్క గనక, అవునో కాదో చెప్పాల్సిందీ తనే. నైట్ షిఫ్టా, వంట కలిపా విడిగానా అని తనే అడిగింది.

ఎక్కువ పేచీ వచ్చేది అడ్వాన్స్ దగ్గర. ఓనర్ దగ్గర మావి 48,000 ఉన్నాయి, చెరి 24,000. మామూలుగా కొత్తమ్మాయి దగ్గర 24,000 తీసుకుని పాతమ్మాయి వెళ్లిపోతుంది. కానీ ఇల్లు పూర్తిగా ఖాళీ అయ్యేనాడు పెయింటింగ్ కింద ఓనర్ ఒక నెల అద్దె, అంటే 24,000 పట్టుకుంటాడు. అందులో సగం, నేను మాపిన గోడలకి కూడా కలిపి, ఆ అమ్మాయి మీద పడుతుంది. నాకది న్యాయంగా తోచదు. నా వాటా 12,000లో సగం వదులుకుని 18,000 మాత్రమే తీసుకున్నాను. గోడల ఫొటోలు, ఈ లెక్క ముగ్గురం ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అగ్రిమెంట్ నా పేరు మీద ఉంది కాబట్టి, ఓనర్‌తో మాట్లాడి అక్క పేరుకి మార్పించాకే తాళంచెవి ఇచ్చాను.