గిన్నెకు కింద మంట, ఇంటికి పైన మంట

చారు పొయ్యి మీద పెట్టి పక్కగదిలోకి వెళ్లి రావచ్చు. ఎనిపిన పప్పును అలా వదల్లేం. రెండూ ఒకే స్టీలు గిన్నెలో, ఒకే మంట మీద పెట్టినా పప్పే అడుగంటుతుంది. అంటిన చోట గిన్నె తోమేటప్పుడు చూడండి, మచ్చ అడుగంతా ఉండదు. బర్నర్ మంట వలయం ఎంత ఉందో అంత మేరే, చక్రంలా ఉంటుంది. రోజూ వంట చేసే నాకు ఉష్ణం గురించి ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మంట వేడి ముందు గిన్నె లోహంలోంచి నడవాలి. లోహం ఉన్నచోటే ఉంటుంది, వేడి మాత్రం ఒక అణువు నుంచి పక్క అణువుకు అందుతూ పోతుంది. బడిలో దీన్ని ఉష్ణవహనం అన్నారు. స్టీలు ఈ పనిలో వెనకబడిన లోహం. అల్యూమినియం దానికంటే పది పదిహేను రెట్లు చురుగ్గా వేడిని అందిస్తుంది, రాగి ఇంకా ముందుంటుంది. పలచటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటి వేడి పక్కలకు పాకేలోపే నేరుగా పైకి, పప్పులోకి వెళ్లిపోతుంది. చక్రంలాంటి ఆ మచ్చకు కారణం ఇదే. స్టీలు గిన్నెల అడుగున రాగి పూత వేసేదీ, మందంగా అల్యూమినియం పొర పెట్టేదీ వేడిని పక్కలకు పంచడానికే.

మరి చారు ఎందుకు అంటదు? అడుగున వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలికవుతుంది, పైకి లేస్తుంది. పైనున్న చల్లని నీరు దాని చోటులోకి దిగుతుంది. నీరు తానే వేడిని మోసుకుని తిరుగుతుంది కాబట్టి అడుగున ఏదీ ఎక్కువసేపు నిలవదు. ఇది సంవహనం. చిక్కటి పప్పులో ఈ తిరుగుడు ఆగిపోతుంది. కదలని నీరు వేడిని అందించడంలో స్టీలు కంటే కూడా పాతిక రెట్లు మందకొడి. అడుగు పొర నూరు డిగ్రీలు దాటి, తడి ఆరి, మాడుతుంటే పైపొర ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. పైన అక్కడక్కడా బుడగ లేచి, ‘ప్లప్’మని పగిలి, చేతి మీద చిందిందంటే తిరుగుడు ఆగిందని గుర్తు. అప్పుడు గరిటె అడుగుకు ఆనించి కలపాలి. పైపైన తిప్పితే లాభం లేదు.

రమ్‌ఫర్డ్ ప్రభువుగా పేరుపడ్డ బెంజమిన్ థాంప్సన్ మ్యూనిక్ నగరంలో పేదలకు భోజనం పెట్టే వంటశాలను నడిపారు. అక్కడ చిక్కటి బియ్యపు సూపు తాగబోయి నోరు కాల్చుకుని, ఇది ఇంతసేపు ఎందుకు చల్లారలేదని ఆలోచనలో పడ్డారు. ద్రవాల్లో వేడి చేరేది ముఖ్యంగా ద్రవం కదలడం వల్లేనని, ఆ కదలికను అడ్డుకుంటే వేడి నిలిచిపోతుందని 1797లో వెలువడిన వ్యాసంలో వాదించారు. పప్పు వండే ఇల్లాలికి చేతికి తెలిసిన సంగతే అది, ఆయన కాగితం మీద పెట్టారు.

ఇదంతా మంట కింద ఉన్నప్పటి మాట. అదే మంట పైన ఉంటే? పైపొర వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, కిందికి దిగదు. సంవహనం మొదలే కాదు. వేసవిలో మన ఇంటికి జరిగేది ఇదే. డాబా ఇల్లు పొయ్యిని నెత్తిన పెట్టుకున్న గిన్నె.

మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మబ్బులేని ఆకాశం నుంచి చదరపు మీటరు శ్లాబు మీద సుమారు వెయ్యి వాట్ల ఎండ పడుతుంది. సూర్యుడి నుంచి మన వాతావరణం అంచు దాకా మధ్యలో లోహం లేదు, నీరు లేదు, గాలి లేదు. వెలుగే ఎనిమిది నిమిషాల పైచిలుకు ప్రయాణించి వచ్చి, శ్లాబును తాకాక వేడిగా మారుతుంది. ఇది వికిరణం. అక్కడి నుంచి వేడి కాంక్రీటులోంచి మెల్లగా కిందికి నడుస్తుంది. ఐదారు అంగుళాల శ్లాబు దాటడానికి గంటలు పడుతుంది కాబట్టి పైన ఎండ తగ్గుముఖం పట్టాక లోపలి కప్పు బాగా కాగుతుంది. పొద్దుగూకినా గదిలో సెగ తగ్గదు.

కప్పు నుంచి ఆ సెగ మనిషికి ఎలా చేరుతోంది? గాలి ద్వారా అనుకుంటాం. కానీ కప్పు కింది వేడి గాలి అక్కడే పరుచుకుని ఉంటుంది. కప్పే మనపైకి కంటికి కనపడని కిరణాలను కురిపిస్తోంది. సాయంత్రం ఆరింటికి పై అంతస్తు గదిలో నిలబడి, నడినెత్తికి జానెడు ఎత్తున ఒక అట్టముక్క పట్టుకోండి. నెత్తి మీది మంట అప్పటికప్పుడు తగ్గుతుంది. తీసేస్తే వెంటనే మళ్లీ తగులుతుంది. గాలి అంత త్వరగా మారదు, నీడ మాత్రమే అలా పనిచేస్తుంది. లెక్క వేస్తే, వంద చదరపు అడుగుల గదిలో కప్పు 45 డిగ్రీలు, మిగతావన్నీ 33 డిగ్రీలు ఉంటే, కప్పు నుంచి దిగే వేడి దాదాపు ఏడువందల వాట్లు. నెత్తిన హీటరు వేలాడదీసుకుని కింద ఫ్యాను వేసుకున్నట్టే. ఫ్యాను చెమటను ఆరుస్తుంది, పైనున్న వేడి గాలిని కిందికి దించుతుంది, ఈ కిరణాలను ఆపలేదు.

ఆపాల్సింది పైనే. తళతళలాడే లోహపు రేకు పరిస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. మధ్యాహ్నం ఒంటిగంటకు డాబా మీద ఒక స్టీలు గిన్నె, పక్కన ఒక తెల్ల పింగాణీ పళ్లెం బోర్లించి కాసేపాగి ముట్టుకుంటే అసలు సంగతి తెలుస్తుంది. స్టీలు చురుక్కుమంటుంది. వేడిని చేతికి త్వరగా అందిస్తుంది కాబట్టి అలా అనిపించడం కొంత నిజమే. కానీ గిన్నె వాస్తవంగానూ ఎక్కువ కాగి ఉంటుంది. మెరిసే లోహం ఎండలో చాలా భాగాన్ని తిప్పికొట్టినా, లోపలికి పట్టిన మిగతా భాగాన్ని తిరిగి కిరణాలుగా వదలడంలో పిసినారి. తెల్లని సున్నం ఎండను తిప్పికొడుతుంది, పట్టిన కొద్ది వేడినీ ఆకాశంలోకి ధారాళంగా వదిలేస్తుంది. అందుకే నా ఓటు సున్నానికి. డాబా మీద తాటాకు పందిరి వేయగలిగితే అదీ మేలే. ఎండ ఆకు మీదే ఆగుతుంది, కింది ఖాళీలోంచి గాలి పారుతుంది. సున్నానికి ఒక పరిమితి ఉంది. దుమ్ము పట్టి, వానకు కొట్టుకుపోయి తెలుపు తగ్గితే పని తగ్గుతుంది, ఏటా వేయాలి. పడమటి గోడ ఎండకూ అది చాలదు, అక్కడ నీడే కావాలి.

ఇలా ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఆరువందల గజాల లోపు స్థలంలోని ఇళ్లకు అది తప్పనిసరి కాదు, యజమాని ఇష్టం. శ్లాబు కింద నేరుగా పడుకునే వాళ్లు ఎక్కువగా ఉండేది ఆ చిన్న ఇళ్లలోనే. కాబట్టి ఉత్తర్వు కోసం చూడకండి. ఉగాది లోపు డాబా ఊడ్చి, ముందు ఒక్క గది మేరకే సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయండి. మే నెలలో ఒక సాయంత్రం బల్ల ఎక్కి ఆ గది కప్పునూ, పక్క గది కప్పునూ అరచేత్తో తాకి చూసి, మిగతా డాబా సంగతి మీరే తేల్చుకోండి.